సిప్ రెండుసార్లు బౌన్స్ అయింది, కేసు పెడతారా?

ప్రశ్న: నెలకు 2,000 రూపాయల మ్యూచువల్ ఫండ్ సిప్ ప్రతి 5వ తేదీన నా ఖాతాలోంచి కట్ అవుతుంది. జీతం ఆలస్యమై వరుసగా రెండు నెలలు బ్యాలెన్స్ చాలలేదు. బ్యాంకు ఒక్కోసారికి 590 చొప్పున ఛార్జీ అంటోంది. చెక్ బౌన్స్‌లాగా కేసు పెడతారా? ఇంతవరకు కట్టిన డబ్బు పోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: కేసు భయం వదిలేయండి. ఖాతాలో డబ్బు లేక ఎలక్ట్రానిక్ చెల్లింపు విఫలమైతే శిక్షించే నిబంధన 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టంలో సెక్షన్ 25గా ఉన్న మాట నిజమే. కానీ అది అప్పు గానీ మరో బాకీ గానీ తీర్చడానికి చేసే చెల్లింపుకు వర్తిస్తుంది. లోన్ ఈఎంఐ బౌన్స్ అయితే ఆలోచించాలి. సిప్‌లో మీరు ఫండ్ సంస్థకు బాకీ లేరు, మీ కోసం మీరు పెట్టుబడి పెట్టుకుంటున్నారు. అది అప్పు కాదు కాబట్టి క్రెడిట్ స్కోరుకూ దీనితో పని లేదు.

డబ్బు కూడా ఎక్కడికీ పోదు. కట్ కాని నెలలకు యూనిట్లు రావు, అంతే. పాత యూనిట్లు మీ ఫోలియోలోనే ఉంటాయి.

అసలు చిక్కు బ్యాంకు ఛార్జీతో. మీ 590 అంటే 500 ఛార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 90. బౌన్స్ అయిన ప్రతిసారీ ఇది పడుతుంది. ఖాతా ఖాళీగా ఉంటే బ్యాంకు దీన్ని బాకీగా పెట్టి, డబ్బు రాగానే పట్టుకునే అవకాశం ఉంది. మీరు 4వ తేదీ రాత్రి సరిగ్గా 2,000 వేశారనుకోండి. పాత 590 పోయి 1,410 మిగులుతుంది. 5న సిప్ మళ్లీ బౌన్స్, మళ్లీ 590. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది ఇక్కడే దెబ్బతింటారు. కాబట్టి స్టేట్‌మెంట్‌లో పెండింగ్ ఛార్జీ ఎంతుందో చూసి, అది కూడా కలిపి ముందు రోజే వేయండి. డెబిట్ ఉదయమే వస్తే సాయంత్రం వేసిన డబ్బు అక్కరకు రాదు.

మీకు ఈ మూడో నెల కీలకం. నెలవారీ సిప్ వరుసగా మూడు వాయిదాలు విఫలమైతే ఫండ్ సంస్థ దాన్ని రద్దు చేస్తుంది. కొనసాగించాలంటే కొత్తగా నమోదు చేసుకోవాలి. జీతం తేదీ కుదరకపోతే 5 బదులు 12నో 15నో పెట్టించుకోండి. ఆపాలనుకుంటే ముందు ఫండ్ సంస్థ దగ్గర సిప్ రద్దు చేసి, తర్వాతే బ్యాంకులో మాండేట్ తీసేయండి.

బ్యాలెన్స్ ఉండగా బౌన్స్ చేసినా, ఒకే వాయిదాకు రెండుసార్లు ఛార్జీ వేసినా ఊరుకోకండి. ఆ రోజు స్టేట్‌మెంట్ జతచేసి బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ ఆంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయొచ్చు, ఫీజు లేదు. మీ విషయంలో మాత్రం నిజంగానే బ్యాలెన్స్ లేదు కనుక, బ్యాంకు ఛార్జీల పట్టికలో ఆ 500 ఉందో లేదో చూసుకోండి. ఉంటే కట్టక తప్పదు.