పిల్లను ఆ మాట అడగడం ఎలా?

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్లు, పదో తరగతి. దసరా సెలవులకు హాస్టల్ నుంచి వచ్చి, మళ్లీ వెళ్లనంది. నెలన్నరగా గదిలోనే ఉంటోంది. అన్నం సగం వదిలేస్తోంది, స్నేహితురాలు ఫోన్ చేసినా తీయదు. మొన్న నోటుపుస్తకం చివరి పేజీలో ‘నేను లేకపోతే అందరికీ హాయి’ అని రాసుంది. అడిగితే లేని ఆలోచన నేనే పెట్టినట్టవుతుందేమోనని భయం. మాది పత్తి సేద్యం. ఆయనకు ఇంకా చెప్పలేదు. ఏం చెయ్యాలి?

జవాబు:

అమ్మా, ముందు మందు డబ్బాల సంగతి చూడండి. మీ అమ్మాయి ఏం చెబుతుందో తెలియకముందే, ఈ రోజే, పత్తికి కొట్టగా మిగిలిన పురుగుల మందు, కలుపు మందు మీ ఇంటి ఆవరణలోనూ పొలం దగ్గరి కొట్టంలోనూ లేకుండా చేయండి. అందుకు మీ వారి సహాయం కావాలి కనుక ఆయనకు ఈ రోజే చెప్పవలసి ఉంటుంది. ఇంట్లోనే పెట్టెలో పెట్టి తాళం వేస్తే చాలునని అనిపించవచ్చు. శ్రీలంక పల్లెల్లో ఇంటింటికీ తాళం పెట్టెలిచ్చి పెద్ద ఎత్తున చేసిన అధ్యయనంలో, 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం, మందు తాగే సంఘటనలు తగ్గలేదు. తాళంచెవి ఎక్కడుంటుందో ఇంట్లోవాళ్లకు తెలియకుండా ఉండదు కదా. అందుచేత డబ్బాలను నమ్మకమైన బంధువుల ఇంటికి చేర్చి, పిచికారీ రోజున కావలసినంతే తెచ్చుకోవడం మేలు. ఇంట్లో పెద్దవాళ్ల మాత్రలన్నీ మీ చేతిలో పెట్టుకుని, ఏ పూటకాపూట మీరే ఇవ్వండి. చనిపోవాలన్న ఉద్ధృతి చాలామందిలో కొద్ది నిమిషాల్లోనో కొన్ని గంటల్లోనో తగ్గుముఖం పడుతుంది. ఆ కాసేపూ ప్రాణం తీసే వస్తువు చేతికి అందకపోవడమే బిడ్డను కాపాడుతుంది.

ఇక అడగడం గురించి. సూటిగా అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదని, ఉన్నవారికి అది బయటపెట్టుకునే దారి అవుతుందని ఇంతవరకు జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. మన భాషలో ఒక చిక్కు ఉంది. ‘చస్తున్నాను ఈ చదువుతో’ అని రోజూ అనుకునే ఇళ్లలో ఆ మాటకు బరువు పోతుంది. అందుకే ‘పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా’ అని అడిగితే పిల్ల ‘లేవు’ అనే అంటుంది, ఎందుకంటే ఆ ప్రశ్నలోనే మీరు వినదలచిన జవాబు ఉంది. మాటను ఉన్నదున్నట్టుగా పలకండి.

ఎదురుగా కూర్చోబెట్టి విచారణ చేసినట్టు కాక, తలకు నూనె రాస్తూనో జడ వేస్తూనో, ఇద్దరే ఉన్నప్పుడు మొదలుపెట్టండి. నోటుపుస్తకం చూసిన సంగతి దాచవద్దు. ‘నువ్వు రాసింది చూశాను, కోపం లేదు, నువ్వెంత బాధపడుతున్నావో తెలుసుకోవాలనుంది’ అని చెప్పి, ఒక్కొక్క మెట్టుగా అడగండి. నిద్రలోనే పోతే బాగుండునని అనిపిస్తోందా? చనిపోవాలని ఆలోచించావా? ఎలా అన్నది కూడా అనుకున్నావా? చేయాలనే ఉద్దేశం ఉందా, ఫలానా రోజని ఏమైనా అనుకున్నావా? ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించావా? ప్రతి ప్రశ్న తర్వాత ఆగండి. మౌనం ఎంతసేపున్నా మీరు నింపవద్దు.

గుర్తులు మార్చి ఒక కుటుంబం సంగతి చెబుతాను. ఒక తల్లి తన పదిహేనేళ్ల కొడుకును మొదటిసారి అడిగినప్పుడు ‘ఏం లేదు’ అన్నాడు. ఆమె రెట్టించకుండా ‘రాత్రి మళ్లీ అడుగుతాను’ అని ఊరుకుంది. రాత్రి అడిగితే, పొద్దున్న లేవకపోతే బాగుండుననిపిస్తోందని చెప్పాడు. చనిపోవాలనుకున్నావా అంటే, పదిహేను రోజులుగా అన్నాడు. ఎలా అని అనుకున్నావా అన్నప్పుడు చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత తల ఊపాడు. ఎప్పుడు అని అడిగితే మార్కుల జాబితా వచ్చే రోజని చెప్పాడు. అనిపించడం ఒకటి, పద్ధతీ రోజూ ఖాయం చేసుకోవడం మరొకటి. ఆ రెండో మాట విన్నాక మర్నాటిదాకా ఆలోచిద్దామనే వీలు ఉండదు. ఆ రాత్రే ఫోన్‌లో వైద్య సలహా తీసుకుని, తండ్రి అతని పక్కనే పడుకున్నాడు, గది గడియ తీసేశారు, తెల్లవారగానే జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లారు.

మీ అమ్మాయి విషయంలోనూ ఇదే కొలత. బతకాలని లేదన్న భావన మాత్రమే ఉండి, పద్ధతీ ఉద్దేశమూ లేకపోతే, రెండు మూడు రోజుల్లో మానసిక వైద్యునికి చూపించి, అంతవరకు ఎక్కువసేపు ఒంటరిగా వదలకుండా చూసుకోవచ్చు. పద్ధతి, ఉద్దేశం, రోజు, ఏదైనా సమకూర్చుకోవడం, ఇటీవలి ప్రయత్నం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి, అక్కడికి చేరేవరకు క్షణం కూడా ఒంటరిగా ఉంచకూడదు. ఏమీ చెప్పకపోతే ‘లేదు’ అన్నట్టు కాదు. ఆ రాత గుర్తుపెట్టుకుని, తెలియనప్పుడు ప్రమాదం ఉన్నట్టే నడుచుకోండి. వారాల దిగులు తర్వాత కారణం లేకుండా హఠాత్తుగా కుదుటపడి, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతుంటే దాన్ని కోలుకోవడంగా తీసుకోవద్దు.

ఆమె ‘అవును’ అన్నప్పుడు నోటికి వచ్చే మాటలు రెండున్నాయి, వాటిని ఆపుకోండి. ఒకటి, ‘నువ్వు లేకపోతే నేనూ చస్తాను’. ఇప్పటికే తనను భారంగా అనుకుంటున్న పిల్ల మీద అది మరో భారం. రెండోది, ‘నా మీద ఒట్టు వెయ్యి’. ఒట్టు ప్రాణాన్ని కాపాడుతుందనడానికి ఆధారం లేదు. పైగా ఆలోచన మళ్లీ వచ్చినప్పుడు ఒట్టు తప్పానన్న భయంతో మీ దగ్గర దాస్తుంది. ‘చెప్పావు, మంచిపని చేశావు. మళ్లీ వచ్చినప్పుడు అర్ధరాత్రైనా నన్ను లేపు’ అనండి. ఎవరికీ చెప్పనని మాత్రం మాట ఇవ్వకండి. నాన్నకూ డాక్టరుకూ చెబుతానని, ఊరంతటికీ కాదని ముందే చెప్పండి. హాస్టల్‌కు పంపే మాట ఇప్పుడు ఎత్తవద్దు. అక్కడ ఏం జరిగిందో మరో రోజు, తొందరలేకుండా అడగాలి.

ఒట్టుకు బదులు ఒక కాగితం మీద ఇద్దరూ కలిసి రాసుకోండి: ఆలోచన ముదురుతున్నట్టు ఆమెకు ఎలా తెలుస్తుంది, అప్పుడు ఒక్కతే చేయగలిగేది ఏమిటి, ఎవరి దగ్గరకు వెళ్లి కూర్చోగలదు, ఎవరికి చెప్పగలదు, ఏ నంబరుకు ఫోన్ చేయాలి. మాటలు ఆమెవే కావాలి. మీకు తోచిన ‘దేవుణ్ణి తలచుకోవాలి’ వంటివి ఆమె ఒప్పుకోనిదే రాయవద్దు. నంబరు దగ్గర 14416 రాయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి. 2022 నుంచి పగలూ రాత్రీ ఉచితంగా పనిచేస్తోంది, తెలుగులో మాట్లాడతారు. అడిగే ముందు మీకే ధైర్యం చాలకపోయినా అదే నంబరుకు ఫోన్ చేయండి.

ఏదైనా మింగిందని అనుమానం వస్తే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించవద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, డబ్బా దొరికితే వెంట తీసుకువెళ్లండి. బాగానే ఉన్నానని చెప్పినా ఆసుపత్రికి వెళ్లడం మానకండి. పోలీసు కేసవుతుందని ఆలస్యం చేసిన కుటుంబాలను చూశాను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అటువంటి ప్రయత్నం చేసినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి, శిక్ష నుంచి రక్షిస్తుంది.

డాక్టరు మందులు రాస్తే వాటినీ మీ చేతిలోనే ఉంచుకోండి. మొదటి కొన్ని వారాల్లో అశాంతి, నిద్రలేమి పెరిగినట్టు కనిపిస్తే తేదీ కోసం ఆగకుండా మళ్లీ చూపించండి. కాపలా ఎప్పుడు సడలించాలో మీరు కాదు, డాక్టరు చెప్పాలి. అప్పటిదాకా రెండు మూడు రోజులకొకసారి అవే ప్రశ్నలు, అదే మామూలు గొంతుతో, మళ్లీ అడుగుతూ ఉండండి.