3.6 లక్షలంటే నెలకు 30 వేలేనా?

సార్, నాది నల్గొండ, బీటెక్ ఫైనల్ ఇయర్. ఒక కంపెనీ నోటీసుల సీటీసీ 3.6 లక్షలు, రెండేళ్ల బాండ్ అని ఉంది. నెలకు 30 వేలని బాపు సంబురపడుతుండు. నాకు సెకండియర్‌ల ఒక సబ్జెక్ట్ పోయి తర్వాత క్లియర్ అయింది. అప్లై చేయాల్నా?

తమ్మీ, మొన్న మా ఫైనల్ ఇయర్ పిల్లలను కూసోబెట్టి ఇట్లాంటి నోటీసే బోర్డు మీద లెక్కేసి చూపించిన, అదే నీకు చెప్తున్న. సీటీసీ అంటే నీ చేతికొచ్చేది కాదు, నీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. మేం తీసుకున్న నోటీసుల 36 వేలు వేరియబుల్, అది వస్తే ఏడాది చివర వస్తది, కంపెనీ టార్గెట్ తప్పితే తగ్గుతది. బేసిక్ నెలకు 15 వేలు, దాని మీద కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, అంటే ఏడాదికి 21,600, గ్రాట్యుటీ కింద 8,658, ఇన్సూరెన్స్ ఒక 5,742. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 2,88,000, నెలకు 24 వేలు. అందుల నుంచి మళ్ల నీ వాటా పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ టాక్స్ 200 పోతయి. చేతికి 22 వేలు. పీఎఫ్ ఎటూ పోదు, నీ ఖాతల్నే ఉంటది, గ్రాట్యుటీ మాత్రం మామూలుగ ఐదేళ్లు చేస్తేనే, రెండేళ్లకే మానేసే పిల్లగానికి అది కాగితం మీది అంకెనే. బాపుకు ముందే ఈ 22 వేల మాట చెప్పు, హైదరాబాద్ హాస్టల్ ఖర్చు దాంట్లకెళ్లే పోవాలె కదా.

నీ సబ్జెక్ట్ సంగతికొస్తే, నోటీసుల బ్యాక్‌లాగ్స్ గురించి రాసిన లైన్ అక్షరం అక్షరం చదువు. "యాక్టివ్ బ్యాక్‌లాగ్స్ ఉండొద్దు" అంటే క్లియర్ చేసినోళ్లకు ఇబ్బంది లేదు. "బ్యాక్‌లాగ్ హిస్టరీ ఉండొద్దు" అంటే ఒక్కసారి పోయినా కుదరదు. దాచిపెట్టి అప్లై చేస్తరు కొందరు, మార్కుల మెమోలు చూసినప్పుడు దొరుకుతరు, చేతికొచ్చిన ఆఫర్ పోతది.

ఇగ బాండ్. రెండేళ్లని రాసుడు కాదు, ఆ రెండేళ్లు ఎప్పటి నుంచి లెక్క? జాయినైన రోజు నుంచా, ట్రైనింగ్ అయినంక నుంచా? ఆర్నెల్ల ట్రైనింగ్ ఉంటే రెండున్నరేళ్లైతది. మధ్యల పోతే ఎంత కట్టాలె, ఉన్నన్ని నెలలకు తగ్గిస్తరా లేదా అని కూడా అడుగు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర పెట్టాలె అంటే నేనైతే అక్కడ్నే వద్దంట.

బాండ్ మీద సంతకం ఆఫర్ వచ్చినంకనే, అప్లై చేస్తే ఏం పోతది అంటరు మా పిల్లలు. పోతది. చాలా కాలేజీలల్ల ఒక ఆఫర్ వస్తే తర్వాతొచ్చే కంపెనీలకు కూసోనియ్యరు, మీ కాలేజ్‌ల రూల్ ఏందో మీ ప్లేస్‌మెంట్ సార్‌ని ఇయ్యాలనే అడుగు. ఆ రూల్ ఉంటే, 22 వేలకు రెండేళ్లు ఉండనీకె మనసొప్పుతదా లేదా అనేది ఫారం నింపక ముందే తేల్చుకోవాలె. ఆ రూల్ లేకుంటే రాత్రికే నింపు, ప్రీ ప్లేస్‌మెంట్ టాక్‌ల హెచ్‌ఆర్ మేడంను ఫిక్స్‌డ్ ఎంత, వేరియబుల్ ఎంత అని విడివిడిగ అడుగు.