సంతకం పెట్టనంటే ఏం చేయాలి: అమ్మాయికి బాబాయి ఉత్తరం

అమ్మాయ్,

రాత్రి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. స్టోర్స్‌లో పనిచేసే ఆయన అప్రైజల్ ఫారం చూసి "ఇది నేను ఒప్పుకోను, సంతకం పెట్టను" అని లేచి వెళ్లిపోయాడని, గదిలో మీరిద్దరే ఉన్నారని, ఇప్పుడు హెచ్ఆర్ వాళ్లేమో "ఎవరితోనైనా సాక్షి సంతకం పెట్టించి ఫైల్ చేసేయండి" అంటున్నారని చెప్పావు. ఆ పని మాత్రం చేయకు. నిన్న ఆ గదిలో లేని మనిషి నిన్నటి తేదీతో సాక్షిగా సంతకం పెడితే అది అబద్ధపు కాగితం అవుతుంది. రేపు ఎవరైనా ఆ సాక్షిని పిలిచి "మీరు ఎక్కడ కూర్చున్నారు, ఆయన ఏమన్నాడు" అని అడిగితే, ఆ ఒక్క కాగితమే కాదు, ఫైల్ మొత్తం మీద నమ్మకం పోతుంది.

దారి ఉంది, తేలికైనదే. రేపు ఆయన్ని మళ్లీ పిలువు. ఈసారి హెచ్ఆర్ మనిషినో, వేరే డిపార్ట్‌మెంట్ మేనేజర్‌నో పక్కన కూర్చోబెట్టుకో. ఆయనతో పనిచేసేవాళ్లను మాత్రం పిలవకు. తోటివాళ్ల ముందు తక్కువ రేటింగ్ మాట్లాడితే ఆయన పరువు పోతుంది, రేపు వాళ్లిద్దరూ ఒకే గోడౌన్‌లో పని చేసుకోవాలి. సాక్షిగా వచ్చినవాళ్లు రేటింగ్ గురించి ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. ఫారం ఇచ్చావా, ఆయన సంతకం పెట్టాడా లేదా, అంతే వాళ్లు చూడాల్సింది.

కానీ పిలిచే ముందు నీ ఫారం ఒకసారి నువ్వే చదువుకో. నువ్వు పంపిన ఫోటోలో "పనిలో శ్రద్ధ లేదు, ఫాలో అప్ చేస్తేనే చేస్తారు" అని ఉంది. నిజం చెప్తున్నా, నేనైనా దాని కింద సంతకం పెట్టను. అది ఆ మనిషి మీద నీ అభిప్రాయం, జరిగిందేమిటో అందులో లేదు. నువ్వు ఫోన్‌లో నాతో చెప్పినదే రాసి ఉంటే ఎంత బాగుండేది! ఇలా: "నెలవారీ స్టాక్ రిపోర్టు ప్రతి నెల 5లోపు రావాలి. ఈ ఏడాది ఆగస్టు, అక్టోబర్, నవంబర్, జనవరి నెలల్లో 2 నుంచి 6 రోజులు ఆలస్యమైంది. అక్టోబర్ 9న, జనవరి 8న మెయిల్‌లో గుర్తు చేశాను." ఇందులో తిట్టు లేదు, కానీ కాదనడానికీ వీల్లేదు. కాదనాలంటే ఆయన కూడా తేదీతోనే కాదనాలి.

నవంబర్ ఆలస్యం సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు వచ్చిందని ఆయన అన్నాడని నువ్వే చెప్పావు. అది నిజమైతే ఆ నెల తీసేయ్, నాలుగు మూడవుతాయి. తీసేశావని కూడా రాయి: "నవంబర్ ఆలస్యానికి సాఫ్ట్‌వేర్ మార్పు కారణమని చెప్పారు, సరిచూశాను, లెక్కలోంచి తొలగించాను" అని. చర్చ జరిగిందనడానికి నీ ఫారంలో ఇంతకంటే గట్టి ఆధారం ఉండదు. ఆయన మాట విన్నావు, దాని వల్ల ఒక విషయం మారింది. అయితే కొత్త ఫారం తెచ్చి పాతది చించేయకు. పాత వాక్యం చదవడానికి వీలుగా ఒక గీత కొట్టి, పక్కన కొత్తది రాసి, నీ పొట్టి సంతకం, తేదీ వెయ్యి. "శ్రద్ధ లేదు" అన్న ముక్క కూడా అలాగే కొట్టేయ్.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేను మేనేజర్ అయిన రెండో ఏడాది ఒకతని ఫారంలో "వైఖరి బాగాలేదు" అని రాశాను. సంతకం పెట్టనన్నాడు. పెట్టకపోతే ఇంక్రిమెంట్ ఆగుతుందని బెదిరించాను. ఇంట్లో పిల్ల ఫీజులున్నాయి పాపం, పెట్టాడు, సంతకం పక్కనే "ఒత్తిడి వల్ల పెడుతున్నాను" అని చిన్న అక్షరాలతో రాసి. ఆర్నెల్ల తర్వాత విషయం పైవాళ్ల దాకా వెళ్తే, వైఖరి బాగాలేదనడానికి ఒక్క తేదీ చూపించలేకపోయాను. ఆ రేటింగ్ రద్దు చేశారు, చేయడమే న్యాయం. ఆ రోజు అతని మొహం ఇప్పటికీ గుర్తుంది.

రేపు ఆయన వచ్చాక ముందు ఒక్క ప్రశ్న అడుగు: "ఎందుకు పెట్టనంటున్నారు?" అని. నా అనుభవంలో చాలామంది సంతకం అంటే ఒప్పుకోవడం అనుకునే ఆగిపోతారు. మీ ఫారంలో సంతకం పైన ఏమీ రాసి లేదు, ఖాళీ గీత ఉంది. అక్కడ నువ్వే రాయి: "ఈ ఫారం నాకు చూపించారు, నాతో చర్చించారు. సంతకం పెట్టినంత మాత్రాన ఇందులోని రేటింగ్‌ను అంగీకరించినట్టు కాదు." ఫారం ఇంగ్లీషులో ఉంది కాబట్టి మొత్తం తెలుగులో చదివి వినిపించు, వినిపించావని కూడా రాయి. ఆయన అభిప్రాయానికి జాగా చూపించు. చాలక పోతే వేరే కాగితం మీద రాసి జతచేయొచ్చని చెప్పు. ఆయన మాటల్ని నువ్వు దిద్దకు.

అప్పటికీ వద్దంటే వదిలెయ్. బతిమాలొద్దు, జీతం మాట ఎత్తొద్దు, ఫోన్‌లో రహస్యంగా రికార్డు చేయొద్దు. ఆయన గదిలో ఉండగానే ఇలా రాసి చదివి వినిపించు:

"మార్చి 28, ఉదయం 11:20. ఈ ఫారం ఆయనకు తెలుగులో చదివి వినిపించి కాపీ ఇచ్చాను. 'ఆలస్యానికి నేనొక్కడినే బాధ్యుణ్ణి కాను' అని చెప్పి సంతకం చేయడానికి నిరాకరించారు. మొన్న, 26న కూడా నిరాకరించారు, అప్పుడు మేమిద్దరమే ఉన్నాం. రాతపూర్వకంగా అభిప్రాయం ఇవ్వడానికి ఏప్రిల్ 4 వరకు గడువు ఇచ్చాను."

కింద నీ సంతకం. దాని కింద సాక్షి "ఫారం ఇవ్వడం, ఆయన సంతకం చేయకపోవడం 28న నా ఎదుట జరిగాయి" అని రాసి సంతకం పెట్టాలి. కోపంగా అరిచాడు, కుర్చీ తోశాడు లాంటివి ఇందులోకి తేవద్దు. నిజంగా దురుసుగా ప్రవర్తిస్తే అది వేరే విషయం, వేరే కాగితం. సంతకం పెట్టకపోవడం దానంతట అది తప్పు కాదు, దానికి షోకాజ్ నోటీసు ఇవ్వాలని ఎవరైనా అంటే మీ కంపెనీ రూల్‌లో ఎక్కడుందో చూపించమను.

ఆ సాయంత్రంలోగా ఫారం స్కాన్ చేసి ఆయన ఆఫీసు మెయిల్‌కి పంపు, హెచ్ఆర్‌ని కాపీలో పెట్టు. కాపీ తీసుకోకుండా వెళ్లిపోయినా ఫారం ఆయనకు చేరిందని ఆ మెయిలే చెబుతుంది. ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు, ఏడాది రిపోర్టులో ఏ రేటింగ్ ఇచ్చినా, అది "గుడ్" అయినా సరే, ఉద్యోగికి తెలియజేయాల్సిందేనంది. తనకు తెలియని రేటింగ్ మీద అతను అభ్యంతరం చెప్పుకోలేడు కదా. మీది ప్రైవేటు కంపెనీ, ఆ తీర్పు నేరుగా మీకు వర్తించదు. కానీ అందులో చూసుకో, ఉద్యోగి ఒప్పుకోవాలని అడగలేదు, అతనికి తెలియాలి, జవాబు చెప్పుకునే అవకాశం ఉండాలి అన్నారు.

ఏప్రిల్ 4లోపు ఆయన ఏం రాసిచ్చినా, నిన్ను తిడుతూ రాసినా సరే, ఫారానికే కుట్టి ఫైల్‌లో పెట్టు. అందులో లెక్కకు సంబంధించిన మాట ఉంటే సరిచూసి రెండు లైన్లలో జవాబివ్వు. ఏమీ ఇవ్వకపోతే "గడువులోగా అభిప్రాయం రాలేదు" అని 5న రాసి తేదీ వెయ్యి.

నవంబర్ నెల తీసేశాక మిగిలిన మూడు నెలలకి ఆ రేటింగ్ ఇంకా సరైనదేనా అని ఈ రాత్రే చూసుకో. మారాల్సి ఉంటే ఆయన్ని పిలవకముందే మీ బాస్‌తో మాట్లాడు. దిద్దిన ఫారం ఫోటో పంపు, పడుకునేలోపు చూసి చెప్తాను.

మీ బాబాయి