పన్నెండు గంటల గేటు డ్యూటీకి జీతం ఎంత రావాలి?

*చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో ఏజెన్సీ తరఫున సెక్యూరిటీ గార్డుగా చేస్తున్నాను. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి, ఏదైనా 8 నుంచి 8 దాకా. స్లిప్పులో జీతం 13,000, ఓటీ 2,000 అని ఉంటుంది. 30 డ్యూటీలు పడితేనే 15,000 వేస్తారు. ఒక్క ఆదివారం మానినా 500 కోస్తున్నారు. నాకు నిజంగా ఎంత రావాలండీ? — ప్రకాశం జిల్లా పాఠకుడు*

వారానికి ఒక రోజు సెలవు తీసుకుని 26 డ్యూటీలు చేస్తే మీకు 26,000 రావాలి. ఆ సెలవు కూడా ఇవ్వకుండా నాలుగు ఆదివారాలూ చేయించుకుంటే 32,000.

నెల జీతం అంటే రోజుకు 8 గంటల చొప్పున 26 రోజుల పనికి ఇచ్చేది. వారపు సెలవులు అందులోనే కలిసి ఉంటాయి. మీ 13,000ను 26తో భాగిస్తే రోజుకు 500, దాన్ని 8తో భాగిస్తే గంటకు 62 రూపాయల 50 పైసలు. ఎనిమిది గంటలు దాటాక చేసే ప్రతి గంటకూ రెట్టింపు ఇవ్వాలి, అంటే 125. పన్నెండు గంటల డ్యూటీలో రోజుకు 4 గంటలు ఓటీ కాబట్టి 26 రోజులకు 104 గంటలు. 104ను 125తో గుణిస్తే 13,000. నాలుగు గంటలకు రెట్టింపు ఇస్తే ఎనిమిది గంటల కూలితో సమానం కదా, అందుకే పన్నెండు గంటలు చేసే గార్డుకు ఎప్పుడూ రెండు జీతాలు పడాలి. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే ఏ స్లిప్పునైనా నిమిషంలో తేల్చేయొచ్చు.

రోజువారీ పనిగంటల పరిమితి మారింది, ఎనిమిది కాదు అని సూపర్‌వైజర్ అడ్డుపడితే వారం లెక్క ముందుపెట్టండి. వారానికి 48 గంటలు దాటితే ఓటీయే. ఆరు రోజులు పన్నెండేసి గంటలంటే 72. అందులోంచి 48 తీసేస్తే 24, అంటే రోజుకు మళ్లీ ఆ నాలుగే.

మీ ఏజెన్సీ చేస్తున్నది వేరే లెక్క. 15,000ను 30తో భాగించి డ్యూటీకి 500 అంటోంది. 30 డ్యూటీలంటే 360 గంటలు, గంటకు 41 రూపాయల 67 పైసలు పడుతోంది. ఓటీ మాట అటుంచండి, మామూలు గంటకు రావాల్సిన 62.50 కూడా రావడం లేదు. ఆదివారం మానితే 500 కోయడం ఈ పద్ధతిలోంచి పుట్టిందే. వారపు సెలవుకు జీతం కోత ఉండకూడదు. కొన్ని ఏజెన్సీలు రెట్టింపు ఇస్తున్నామంటూనే 26 బదులు 30తో భాగిస్తాయి. అలా చేస్తే మీ ఓటీ 13,000 కాస్తా 11,267కి దిగుతుంది. నెలకు 1,733 చడీచప్పుడు లేకుండా పోతుంది.

సెలవు రోజున పని చేయించి, బదులుగా మరో రోజు సెలవు ఇవ్వకపోతే ఆ రోజు మొత్తం పన్నెండు గంటలకూ రెట్టింపు రేటే: 1,500. నాలుగు ఆదివారాలకు 6,000. పైన చెప్పిన 32,000 ఇలా వచ్చింది.

షిఫ్టు మారే ఆదివారం దగ్గర ఒక మెలిక ఉంది. రాత్రి డ్యూటీ ముగించి ఆదివారం పొద్దున 8కి గేటు దిగుతారు. అదే రోజు రాత్రి 8కి మళ్లీ రమ్మని, మధ్యలో ఆ పగలంతా వీక్లీ ఆఫ్ ఇచ్చినట్టు రాసేస్తారు. రాత్రి షిఫ్టు వాళ్లకు సెలవు అంటే షిఫ్టు దిగినప్పటి నుంచి వరుసగా 24 గంటలు. సోమవారం పొద్దున 8కి ముందు పిలిచారంటే ఆ వారం సెలవు ఇవ్వనట్టే. పగటి షిఫ్టు ముగియగానే రిలీవర్ రాలేదని రాత్రి కూడా ఉంచేస్తే, ఆ రెండో పన్నెండు గంటలూ ఓటీయే.

ఇక స్లిప్పులోని 13,000 సంగతి. అది కనీస వేతనం కన్నా తక్కువైతే లెక్క మొత్తం పైకి జరుగుతుంది. కనీస వేతనంలో బేసిక్‌తో పాటు కరువు భత్యం ఉంటుంది, అది ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది. ఒంగోలు కార్మిక శాఖ కార్యాలయంలో సెక్యూరిటీ గార్డుకు ఇప్పుడున్న రేటు అడిగి రాసుకోండి. కోతల్లో మీ వాటా పీఎఫ్ 12 శాతం, ఈఎస్‌ఐ 0.75 శాతం మాత్రమే. 13,000 మీద పీఎఫ్ 1,560 అవుతుంది. ఏజెన్సీ కట్టాల్సిన వాటా కూడా మీ జీతంలోంచే పట్టుకునే చోట్లు ఉన్నాయి. ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి, కోసిన డబ్బు నిజంగా జమ అయిందో లేదో, ఎంత జీతం చూపించారో చూడండి.

అడగడానికి ముందు ఆధారాలు పోగేయండి. గేటు దగ్గర ఫ్యాక్టరీ వాళ్ల రిజిస్టర్ ఒకటి ఉంటుంది, ఏజెన్సీ మస్టర్ ఇంకొకటి. మొదటి దాంట్లో 8 నుంచి 8 అని ఉంటే, రెండో దాంట్లో 8 గంటలే వేస్తుంటారు. మీరు సంతకం పెట్టే పేజీని ప్రతి నెలా ఫోన్లో ఫొటో తీసుకోండి. ఖాళీ గళ్ల మీద సంతకం పెట్టకండి. ఒక చిన్న డైరీలో ఎక్కిన టైము, దిగిన టైము, రిలీవర్ ఎప్పుడొచ్చాడో ఏ రోజుకారోజు రాయండి. వాట్సాప్ గ్రూపులో పెట్టే హాజరు ఫొటోలు చెరపకండి, వాటి మీద టైము ఉంటుంది. తర్వాత ఏజెన్సీకి రాతపూర్వకంగా అడగండి, నకలు ఫ్యాక్టరీ మేనేజర్‌కు ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. కాంట్రాక్టరు ఎగ్గొట్టిన వేతనం అసలు యజమాని కట్టాల్సి వస్తుంది, కాబట్టి ఆ నకలుకు బలం ఎక్కువ. అప్పటికీ తేలకపోతే కార్మిక శాఖకు వెళ్లండి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం మూడేళ్ల లోపు బకాయి అడగొచ్చు, డబ్బు ఇచ్చామని రుజువు చేసుకోవాల్సింది యజమానే.

డబ్బు వైపు నుంచి ఒక మాట. రెండు జీతాలు ఇవ్వడం ఇష్టం లేని ఫ్యాక్టరీ రోజుకు మూడు షిఫ్టులు పెట్టేయొచ్చు. అది చట్టబద్ధమే. అప్పుడు మీకు 8 గంటల పని, 13,000 జీతం, కోతలు పోను చేతికి సుమారు 11,340. ఇప్పుడు వచ్చేదాని కన్నా దాదాపు రెండు వేలు తక్కువ. అద్దె, చీటీ, బండి కిస్తీ ఈ 11,340లో సర్దుకుంటాయా అని అడుగు వేయకముందే ఇంట్లో కూర్చుని చూసుకోండి. సర్దుకోకపోతే ముందు చీటీనో కిస్తీనో తేల్చుకుని, ఆ రెండు మూడు నెలలూ ఆధారాలు పోగేయడానికి వాడుకోండి. మూడేళ్ల గడువు ఉంది కాబట్టి, మీ బకాయి అంతకన్నా పాతది కాకపోతే ఆ ఆలస్యం వల్ల పోయేదేమీ లేదు. రాబోయే బకాయిని నమ్ముకుని మాత్రం కొత్త అప్పు చేయకండి.