బాబు ఒంటరిగా ఆడుకుంటున్నాడా? డాక్టరుకు చూపించే ముందు ఏం రాసుకోవాలి

ప్రశ్న: మా బాబుకు మూడేళ్ల ఎనిమిది నెలలు. ‘ఎవరితోనూ కలవడు, తన ఆట తనదే’ అని ప్లే స్కూల్ టీచర్ రిపోర్టులో రాశారు. వచ్చే నెల డాక్టరుకు చూపించాలనుకుంటున్నాం. ఈలోగా మేము ఏమేం గమనించి రాసుకోవాలి?

జవాబు: ‘కలవడు’, ‘బిడియం’ లాంటి మాటలు మీ అభిప్రాయాన్ని చెబుతాయే గానీ బాబు ఏం చేశాడో చెప్పవు. తేదీ, సమయం, చుట్టూ ఎంతమంది పిల్లలున్నారు, బాబు చేతులు ఏం చేశాయి, చూపు ఎటు వెళ్లింది, ఏ మాట అన్నాడు అనేవి మాత్రమే అప్పటికప్పుడు రాసి, అది ఏ దశకు చెందిన ఆట అన్నది తరువాత తీరిగ్గా తేల్చుకోండి. పిల్లలు ఇతరులతో ఎంతగా కలిసి ఆడతారన్నదాన్ని బట్టి ఆట దశలను వర్గీకరిస్తూ 1932లో అధ్యయనం ప్రచురించిన అమెరికా పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్ కూడా ఒక్కో పిల్లను ఒక్కో నిమిషం చొప్పున, వేర్వేరు రోజుల్లో గమనించారు.

నమూనాకు మూడు నోట్స్ చూడండి.

జూన్ 4, ఉదయం 10.20, బ్లాకుల దగ్గర, పక్కన ఒక పాప: ‘పాప వంతెన కట్టింది. బాబు రెండుసార్లు అటు చూసి, తన బ్లాకులతో తానూ వంతెన కట్టాడు. మాట్లాడలేదు.’

జూన్ 11, ఉదయం 10.30, అదే చోట, అదే పాప: ‘“ఆ ఎర్రది ఇవ్వు” అన్నాడు. పాప ఇచ్చింది. “నాది పెద్దది” అని చూపించాడు. ఎవరి వంతెన వారిదే.’

జూన్ 18, ఉదయం 11.00, నలుగురు పిల్లలు: ‘వాళ్లు కుర్చీలతో బస్సు ఆట ఆడుతున్నారు. బాబు దూరంగా నిలబడి చూశాడు, వాళ్లు నవ్వినప్పుడు నవ్వాడు, దగ్గరికి వెళ్లలేదు.’

మొదటిది పక్కపక్కన ఆడే సమాంతర క్రీడ. రెండోదానిలో వస్తువు చేతులు మారింది, ఆట గురించి మాట నడిచింది కాబట్టి అది సహచర క్రీడ; ఇద్దరూ కలిసి ఒకే వంతెన కట్టి, పని పంచుకుని ఉంటే సహకార క్రీడ అయ్యేది. మూడోది కేవలం చూస్తూ ఉండే దశ. దీన్ని చూసి బాబు వెనక్కి వెళ్లాడని కంగారు పడనవసరం లేదు, ఎందుకంటే ఈ దశలు ఒకటి ముగిశాకే మరొకటి మొదలయ్యే మెట్లు కావు, ఒకే ఉదయం మూడూ కనిపించవచ్చు. ఇలాంటి నోట్స్ నా ముందుకు వస్తే, ‘తెలిసిన ఒక్కరితో కలుస్తాడు, గుంపులోకి వెళ్లడానికి వెనకాడతాడు’ అని రిపోర్టులో రాస్తాను. అయితే మూడు నోట్స్ చాలవు. రెండు మూడు వారాల్లో పది పదిహేను నోట్స్ ఉంటే, అందులో ఇంటి దగ్గరివీ కొన్ని ఉంటే, ఆ మాట ధైర్యంగా రాయవచ్చు.

ఒంటరిగా బొమ్మ విప్పి బిగిస్తూ మునిగిపోయాడా, లేక ఏ పనీ లేకుండా తిరిగాడా అన్నది కూడా తప్పక రాయండి. ఈ రెండూ ఒకటి కావు.

పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, కావలసినదాన్ని వేలితో చూపించకపోవడం, ఉత్తుత్తి ఆటలు అసలు ఆడకపోవడం, వచ్చిన మాటలు పోవడం వంటివి ఏవైనా ఉంటే నోట్స్ పూర్తయ్యేదాకా ఆగకుండా ఈ వారమే డాక్టరును కలవండి. వినికిడి పరీక్ష గురించి కూడా అడగండి.