3 శాతం ఎక్కువ వచ్చిందంటే అదంతా ఆల్ఫానేనా?

ప్రశ్న: సార్, నా లార్జ్ క్యాప్ ఫండ్ గత 3 ఏళ్లలో ఏడాదికి 15 శాతం ఇచ్చింది, నిఫ్టీ 12 శాతమే పెరిగింది. మా ఏజెంట్ "3 శాతం ఆల్ఫా వచ్చింది, ఎఫ్‌డీలో ఉన్న 4 లక్షలు కూడా ఇందులోకి మార్చేయండి" అంటున్నాడు. ఫ్యాక్ట్‌షీట్ పంపుతున్నాను, బీటా 1.15 అని ఉంది. మార్చనా?

జవాబు: ఇప్పుడే మార్చకండి. మీ ఫ్యాక్ట్‌షీట్ పక్కన పెట్టుకుని లెక్క వేశాను, ఆ 3 శాతంలో ఆల్ఫా, అంటే తీసుకున్న రిస్కుకి రావాల్సిన దానిపైన వచ్చిన అదనపు రాబడి, అని పిలవదగ్గది 0.6 శాతమే. మిగతా 2.4 ఎక్కడికి పోయిందో చెప్తాను.

ముందు ఆ 12 శాతం సంగతి. టీవీలో కనిపించే నిఫ్టీలో షేర్ల ధరలే ఉంటాయి, కంపెనీలు ఇచ్చిన డివిడెండ్లు కలవవు. మీ ఫండ్‌కి మాత్రం ఆ డివిడెండ్లు చేరతాయి, ఎన్‌ఏవీలో కలిసిపోతాయి. అందుకే డివిడెండ్లు కూడా కలిపిన టోటల్ రిటర్న్ ఇండెక్స్, అంటే టీఆర్‌ఐతోనే పోల్చాలని సెబీ 2018 నుంచి నియమం పెట్టింది. మీ ఫండ్ బెంచ్‌మార్క్ నిఫ్టీ 100 టీఆర్‌ఐ, అది ఇదే 3 ఏళ్లలో ఏడాదికి 13.3 శాతం ఇచ్చింది. అంటే 1.3 శాతం ఇక్కడే పోయింది, అందులో మేనేజర్ తెలివి ఏమీ లేదు.

ఇక బీటా. 1.15 అంటే మార్కెట్ 10 శాతం కదిలితే ఈ ఫండ్ సగటున 11.5 శాతం కదులుతుందని. ఎక్కువ ఊగే ఫండ్ నుంచి ఎక్కువ రాబడి అడగాలి కదా, ఎంత అడగాలో సెక్యూరిటీ మార్కెట్ లైన్ చెప్తుంది. కాగితం మీద అడ్డంగా బీటా, నిలువుగా రాబడి గీయండి. బీటా సున్నా దగ్గర రిస్కు లేని రాబడి, ట్రెజరీ బిల్లు లాంటిది, మన లెక్కకి 6 శాతం. బీటా 1 దగ్గర మార్కెట్, 13.3. ఈ రెండు చుక్కలూ కలుపుతూ గీత గీసి 1.15 దగ్గర ఎంత ఉందో చూస్తే అదే మీ ఫండ్ ఇవ్వాల్సిన రాబడి.

```
6 + 1.15 × (13.3 − 6) = 14.4
15 − 14.4 = 0.6
```

మీ ఫండ్ చుక్క ఆ గీతకి 0.6 పైన ఉంది, ఆ ఎత్తే ఆల్ఫా. 13.3కీ 14.4కీ మధ్య ఉన్న 1.1 మీరు భరించిన అదనపు రిస్కుకి వచ్చిన కూలి. ఇదే ఫండ్ బీటా 0.8 అయి రాబడి 12.5 మాత్రమే ఇచ్చి ఉంటే ఏజెంట్ దాని పేరు కూడా ఎత్తేవాడు కాదు, కానీ దాని ఆల్ఫా కూడా దాదాపు 0.7 అయ్యేది!

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఫ్యాక్ట్‌షీట్‌లో బీటా సాధారణంగా 3 ఏళ్ల నెలవారీ రాబడుల నుంచి తీస్తారు, దాన్ని 5 ఏళ్ల రాబడి పక్కన పెట్టినా, ఒక ఇండెక్స్ మీద తీసిన బీటాని వేరే ఇండెక్స్ రాబడితో గుణించినా వచ్చే అంకెకి అర్థం ఉండదు. మీ సిప్ రాబడిగా చూపించే ఎక్స్‌ఐఆర్ఆర్ కూడా ఇందులో పెట్టకూడదు, అది మీరు డబ్బు కట్టిన తేదీల్ని బట్టి మారుతుంది, ఫండ్ సొంత వార్షిక రాబడే కావాలి.

పోనీ 0.6 అయినా మేనేజర్ పనితనమేనా? నాకు నమ్మకం కుదరట్లేదు. లార్జ్ క్యాప్ ఫండ్ 80 శాతం పెద్ద కంపెనీల్లో పెడితే చాలు, మిగతా 20 శాతం మిడ్ క్యాప్‌లో పెట్టుకోవచ్చు. 15 శాతం అలా పెట్టి, మిడ్ క్యాప్‌లు ఆ 3 ఏళ్లూ పెద్ద షేర్ల కంటే ఏడాదికి 4 శాతం ఎక్కువ ఇస్తే ఆ ఒక్కదాంతోనే 0.6 వచ్చేస్తుంది. పోర్ట్‌ఫోలియో పేజీలో ఆ వాటా ఎంతో చూడండి. పైగా మార్కెట్‌తో సంబంధం లేకుండా ఫండ్ ఏడాదికి 5 శాతం అటూ ఇటూ ఊగుతుందనుకుంటే, 3 ఏళ్ల సగటులో దాదాపు 2.9 శాతం తేడా ఉత్త అదృష్టం వల్లే రావచ్చు, దాని ముందు 0.6 ఎంత? ఈ కొలతని తెచ్చిన మైఖేల్ జెన్సన్ 1968లో 115 అమెరికన్ ఫండ్లని లెక్కిస్తే, ఖర్చులు పోగా సగటు ఆల్ఫా ఏడాదికి మైనస్ 1.1 శాతం తేలింది.

4 లక్షల సంగతికి వస్తే, ఎఫ్‌డీ బీటా సున్నా. దాన్ని ఈ ఫండ్‌లోకి మార్చడమంటే ఆ డబ్బుని 1.15 బీటాకి తీసుకెళ్లడం. ఒక ఏడాది మార్కెట్ 20 శాతం పడితే ఇదే గీత ప్రకారం ఈ ఫండ్ దాదాపు 24 శాతం పడుతుంది, అంటే సుమారు 96 వేలు. అయిదారేళ్లలోపు పిల్లల ఫీజుకో ఇంటికో ఆ డబ్బు కావాలంటే ఎఫ్‌డీలోనే ఉంచండి. ఏడెనిమిదేళ్లు ముట్టుకోనక్కర్లేదంటే కొంత ఈక్విటీలోకి తేవచ్చు, కానీ దానికి ఈ ఫండే అక్కర్లేదు, ఏజెంట్ లేకుండా నేరుగా కొనే నిఫ్టీ 100 ఇండెక్స్ ఫండ్ డైరెక్ట్ ప్లాన్ తక్కువ ఖర్చుతో ఆ 13.3కి దగ్గరగా ఇచ్చి ఉండేది. ఇప్పటికే ఫండ్‌లో ఉన్నదాన్ని అమ్మక్కర్లేదు. మీది రెగ్యులర్ ప్లానా డైరెక్టా అన్నది మాత్రం చూసి రాయండి, ఏజెంట్ ద్వారా తీసుకున్నారు కాబట్టి రెగ్యులర్ అనే అనుకుంటున్నాను, ఆ రెండింటి ఖర్చు తేడా ఈ 0.6 కంటే ఎక్కువే ఉండొచ్చు.