వాల్వ్ మూసినా ఫ్లో చూపిస్తున్న ఆరిఫైస్ గురించి

తమ్ముడూ,

లైన్ పూర్తిగా మూసినా కంట్రోల్ రూమ్ డీసీఎస్‌లో మూడు క్యూబిక్ మీటర్లు కనిపిస్తోందని, వాల్వ్ పాస్ అవుతోందేమో అని రాశావు. వాల్వ్ విప్పించకు, ముందు ట్రాన్స్‌మిటర్ దగ్గరికి వెళ్లు.

నీ రేంజ్ 0 నుంచి 2500 మి.మీ. వాటర్ కాలమ్, ఫ్లో 0 నుంచి 100 క్యూబిక్ మీటర్లు కదా. ఆరిఫైస్‌కి రెండు వైపులా ఉండే ప్రెషర్ తేడానే డీపీ, అది ఫ్లో వర్గంతో పెరుగుతుంది, అంటే ఫ్లో 10కి పడిపోతే డీపీ 25 మి.మీ. మాత్రమే ఉంటుంది. ఇప్పుడు జీరో 2.5 మి.మీ. జరిగిందనుకో, రేంజ్‌లో అది 0.1 శాతమే, ఎవరూ పట్టించుకోరు. కానీ 0.001కి వర్గమూలం 0.0316, అదే నీ మూడు క్యూబిక్ మీటర్లు! అసలు ఫ్లో 10 ఉన్నప్పుడు 27.5 మి.మీ. చదివి 10.5 చూపిస్తుంది, ఐదు శాతం తప్పు. 50 దగ్గర అదే తేడా 0.1 కూడా కాదు. అందుకే పగలు లోడ్ మీద అంతా బాగున్నట్టు ఉంటుంది.

లైన్ మూసి ఉన్నప్పుడే, మానిఫోల్డ్ సర్వీసులో ఉండగా డీపీ ఎంతో మి.మీ.లో చూసి రాసుకో. తర్వాత తక్కువ ప్రెషర్ వైపు ఎల్పీ వాల్వ్ మూసి, ఈక్వలైజింగ్ తెరిచి, ఎక్కువ ప్రెషర్ వైపు హెచ్‌పీ అలాగే ఉంచి మళ్లీ చూడు. ఇప్పుడూ 2.5 ఉంటే ట్రాన్స్‌మిటర్ జీరోనే జరిగింది, లైన్ ప్రెషర్ మీదే ట్రిమ్ చెయ్యి. సున్నా వస్తే మాత్రం ట్రిమ్ జోలికి వెళ్లకు, తప్పు ట్రాన్స్‌మిటర్‌ది కాదు. ముందు ఆరిఫైస్ నుంచి ప్రెషర్ తెచ్చే ఇంపల్స్ లైన్లు చూడు, ఒకదాంట్లో గాలి బుడగ చిక్కి రెండు నీటి కాలమ్‌లూ సమానంగా లేకపోవచ్చు; అవి బాగుంటేనే వాల్వ్ నిజంగా పాస్ అవుతోందని అనుమానించు. మనవాళ్లు చాలామంది ఈక్వలైజ్ చేసి సున్నా చూసి "ఓకే" రాసేసి వస్తారు, ఆ పరీక్షకు ఇంపల్స్ లైన్ కనపడనే కనపడదు.

లో ఫ్లో కటాఫ్ పెట్టేస్తే సరిపోతుంది కదా అంటావు. పెట్టు, 4 శాతం దగ్గర పెడితే ఆగిన లైన్ మీద టోటలైజర్ తిరగదు. కానీ 10 దగ్గరున్న ఐదు శాతం తప్పు అలాగే ఉంటుంది, పైగా జరిగిన జీరో ఇక కనిపించదు.

అక్కడే ఉన్నావు కాబట్టి వర్గమూలం ఎక్కడ తీస్తున్నారో కూడా తేల్చుకో. 625 మి.మీ. ఇస్తే డీసీఎస్‌లో 50 రావాలి. 70.7 వస్తే ట్రాన్స్‌మిటర్, డీసీఎస్ రెండూ మూలం తీస్తున్నాయి, 25 వస్తే ఎవరూ తీయడం లేదు. సున్నా, వంద దగ్గర మాత్రమే చెక్ చేస్తే ఇది జన్మలో దొరకదు.

రోజూ 10 దగ్గరే నడపాలని ప్రొడక్షన్ వాళ్లు పట్టుబడితే, అదే ట్యాపింగ్‌ల మీద 0 నుంచి 250 మి.మీ. రేంజ్‌తో రెండో ట్రాన్స్‌మిటర్ అడుగు. అది 31 క్యూబిక్ మీటర్ల వరకు చదువుతుంది. కానీ ముందు ఆ బుడగ సంగతి చూడు, అది ఉంటే రెండో దాన్నీ అంతే తప్పు చదివిస్తుంది.